నవంబరులో జర్మనీ చేరిన ఇంజనీరుకు: నివాస ధ్రువపత్రం ఎప్పుడు, ఫారం 67 ఎప్పుడు

హైదరాబాద్ నుంచి మ్యూనిక్ వచ్చే ఇంజనీర్లలో చాలామంది ఈ రెండు కాగితాలనూ జంటగా భావిస్తారు. నిజానికి ఒక్కొక్కదాని దారి ఒక్కోటి. పన్ను నివాస ధ్రువపత్రాన్ని మీరు నివాసిగా ఉన్న దేశం ఇస్తుంది, దాన్ని చూపించేది అవతలి దేశంలో. ఫారం 67 మాత్రం మీరు భారత నివాసిగా ఉన్న సంవత్సరంలో, విదేశంలో కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించమని అడగడానికి. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఆ ఏడాది మీరు ఎక్కడి నివాసి అన్నదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు 2024 నవంబరు 10న విమానం ఎక్కారు. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే భారత్‌లో 224 రోజులు ఉన్నట్టు. ఉద్యోగం కోసం దేశం విడిచిన పౌరుడికి గీత 182 రోజులు. అది దాటింది కాబట్టి 2024-25 ఆర్థిక సంవత్సరానికి మీరు భారత నివాసే, మార్చి వరకు అందుకున్న జర్మనీ జీతాన్నీ భారత రిటర్నులో చూపాలి. అదే సెప్టెంబరు మధ్యలో బయల్దేరి ఉంటే ఈ తలనొప్పే ఉండేది కాదు. కంపెనీవాళ్లు చేరే తేదీ అడిగినప్పుడు ఇది ఎవరికీ గుర్తుకు రాదు.

లెక్క సులువు కోసం యూరోను 90 రూపాయలనుకుందాం. డిసెంబరు నుంచి మార్చి వరకు నెలకు 5,000 యూరోల చొప్పున జీతం 18 లక్షలు, అందులో కోసిన ఆదాయపు పన్ను నెలకు 800 చొప్పున 2,88,000 రూపాయలు. భారత్‌లో అంతకుముందు వచ్చిన జీతం 12 లక్షలు. 2024-25 నాటి కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మొత్తం పన్ను సెస్సుతో 5,90,200. అంటే సగటున 20.18 శాతం. ఆ లెక్కన జర్మనీ జీతంపై భారత పన్ను సుమారు 3,63,200.

ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే తగ్గిస్తారు. ఇక్కడ 2,88,000 తగ్గి, మిగిలిన 75,200 మీ జేబులోంచి కట్టాలి. జర్మనీ పన్నే నాలుగున్నర లక్షలై ఉంటే తగ్గింపు 3,63,200 దగ్గర ఆగిపోతుంది. పైది వెనక్కి రాదు, మరుసటి ఏడాదికీ పోదు. పే స్లిప్పులో పింఛను, ఆరోగ్య బీమా పేరిట కోసినవి పన్ను కావు, వాటిని ఇందులో కలపకండి.

అసలు చిక్కు ఏడాది లెక్కలో ఉంది. జర్మనీ యజమాని ఇచ్చే వార్షిక పన్ను పత్రం జనవరి నుంచి డిసెంబరు వరకు, మనది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అందుకే నెలవారీ పే స్లిప్పులే ఆధారం. ప్రతి నెల పన్నును రూపాయల్లోకి మార్చేటప్పుడు దానికి ముందు నెల చివరి రోజు టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటు, అంటే బ్యాంకు విదేశీ డబ్బును కొనే ధర వాడాలి. డిసెంబరులో కోసిన పన్నుకు నవంబరు 30 రేటు అన్నమాట. పైగా 2024లో జర్మనీలో మీ జీతం ఒకటి రెండు నెలలదే కాబట్టి అక్కడ రిటర్ను వేస్తే కొంత పన్ను వాపసు రావచ్చు. అప్పుడు ఆ మేరకు ఇక్కడ అడిగిన తగ్గింపునూ సవరించాలి.

ఫారం 67 భారత ఆదాయపు పన్ను పోర్టల్‌లో e-File → Income Tax Forms కింద ఉంటుంది. గడువు ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది, అదే మదింపు సంవత్సరం, చివరి వరకు, అంటే ఈ ఉదాహరణకు 2026 మార్చి 31. అయినా రిటర్ను కంటే ముందే వేయడం మేలు. లేకపోతే తగ్గింపు ఇవ్వకుండా పన్ను నోటీసు రావచ్చు. ఆధార్ ఓటీపీ భారత నంబరుకే వస్తుంది, కాబట్టి ఆ సిమ్‌ను చావనివ్వకండి.

ధ్రువపత్రం అవసరం మరుసటి ఏడాది మొదలవుతుంది. అప్పటికి మీరు జర్మనీ నివాసి. ప్రవాసులు భారత్‌లోని ఆదాయం కోసం ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పది లక్షల డిపాజిట్‌పై ఏడు శాతం వడ్డీ 70,000 వచ్చిందనుకుందాం. బ్యాంకు మామూలుగా 31.2 శాతం, అంటే 21,840 కోస్తుంది. భారత్, జర్మనీల మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం పది శాతం, 7,000 చాలు. దీనికి మీ ప్రాంతపు పన్ను కార్యాలయం ఫినాన్జ్‌ఆమ్ట్ నుంచి నివాస ధ్రువపత్రం తీసుకుని, భారత పోర్టల్‌లో ఒప్పందపు రేటు కోరేందుకు ఇచ్చే ఫారం 10ఎఫ్ నింపి, రెండూ బ్యాంకుకు ఇవ్వాలి. ధ్రువపత్రం అడిగేటప్పుడే రెండు క్యాలెండర్ సంవత్సరాలూ రాయించుకోండి, మన ఆర్థిక సంవత్సరం వాటి మధ్య చీలి ఉంటుంది కదా. బ్యాంకు ఎక్కువ కోసినా జర్మనీ రిటర్నులో తగ్గింపు ఆ పది శాతానికే దొరుకుతుంది. మిగతాది భారత్‌లో రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవలసిందే.