కోనేటి మెట్టు మీద మనిషిని నిలబెట్టి, నీళ్లలో నమ్మదగిన ప్రతిబింబం వేయడం ఎలా?

మా ఊరి కోనేరు దగ్గర ఇంటిల్లిపాదీ దిగిన ఫొటోలో న్యూజెర్సీలో ఉన్న చెల్లెలు లేదు. తన ఫొటో ఒకటి తెప్పించుకుని, కత్తిరించి మెట్టు మీద పెట్టాను. అదే బొమ్మను తలకిందులు చేసి నీళ్లలో అతికించి, కాస్త మసక చేశాను. నానమ్మ చూసి, "ఒరేయ్, పిల్ల మెట్టు మీద లేదురా, నీళ్ల మీద తేలుతోంది" అంది. ఏం తప్పో ఆవిడ చెప్పలేకపోయినా కంటికి మాత్రం దొరికిపోయింది. నేను చేసిన తప్పులు మూడు. ప్రతిబింబం పడాల్సిన చోట పడలేదు, కనబడాల్సిన కోణంలో కనబడలేదు, ఉండాల్సిన రంగులో లేదు. రెండోసారి వాటిని ఎలా సరిచేశానో ఆ ఫొటోతోనే చెబుతాను. నేను వాడింది ఫొటోషాప్. గింప్‌లో మెనూల పేర్లు కొంచెం మారతాయి, పద్ధతి ఇదే.

ముందుగా ఒక చిన్న మాట. మనం అద్దంలో కనబడేదాన్నీ ఎండకు పడేదాన్నీ రెంటినీ నీడ అనేస్తాం. ఇక్కడ ఆ రెండూ కలిస్తే పని చెడుతుంది. ఎండ నీడ సూర్యుడు ఎటుంటే దానికి ఎదురు దిక్కుకు పోతుంది. నీళ్లలో ప్రతిబింబానికి సూర్యుడితో పని లేదు, అది ఎప్పుడూ మనిషికి నిట్టనిలువుగా కిందే ఉంటుంది.

మడత గీత ఎక్కడో కనుక్కోండి

అందరూ చేసే తప్పు బొమ్మను పాదాల దగ్గర మడతపెట్టడం. కొంచెం తెలిసినవాళ్లు మెట్టుకు నీళ్లు తాకే గీత దగ్గర మడతపెడతారు. మనిషి సరిగ్గా మెట్టు అంచున ఉంటే తప్ప అదీ తప్పే. అసలు మడత గీత మనిషి కాళ్ల కింద, నీటి మట్టం ఉన్న ఎత్తులో ఉంటుంది. మెట్టు రాయిలోకి నీళ్లు చొచ్చుకుపోయి ఉంటే ఆ మనిషి కింద ఎక్కడుండేవో అక్కడన్నమాట. అది రాయి వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు, లెక్క కట్టుకోవాలి.

నా లెక్క ఇది. ఫొటోలో చెల్లెలి ఎత్తు 1100 పిక్సెల్స్, అసలు ఎత్తు అయిదున్నర అడుగులు. అంటే తను నిలబడ్డ దూరంలో అడుగుకు 200 పిక్సెల్స్. మెట్టు నీటికి ఒక అడుగు ఎత్తున ఉంది. కాబట్టి పాదాలకు 200 పిక్సెల్స్ కింద మడత గీత, అక్కడినుంచి ఇంకో 200 కిందకి, అంటే పాదాలకు మొత్తం 400 పిక్సెల్స్ కింద, ప్రతిబింబంలో పాదాలు రావాలి. `View > Guides` లోని `New Guide` తో ఈ రెండు చోట్లా గీతలు పెట్టుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు.

కెమెరా నీటికి మూడడుగుల ఎత్తున, మెట్టు అంచుకు 18 అడుగుల దూరంలో ఉంది. చెల్లెల్ని అంచుకు రెండడుగులు వెనక, అంటే కెమెరాకు 20 అడుగుల దూరంలో నిలబెట్టాను. ఫొటోలో కనబడే నీటి గీత తన పాదాలకు సుమారు 267 పిక్సెల్స్ కింద ఉంది. మొదటిసారి నేను మడిచింది అక్కడే. తేడా 67 పిక్సెల్సే అనిపిస్తుంది గానీ మడతలో అది రెట్టింపవుతుంది. ప్రతిబింబం దాదాపు ఎనిమిది అంగుళాలు కిందకి జారిపోయింది.

ఇంకో సంగతి. వెనక్కి నిలబడ్డ మనిషి పాదాలు నీళ్లలో అసలు కనబడవు. రాయి ప్రతిబింబం వాటికి అడ్డొస్తుంది. నా ఫొటోలో రాయి ప్రతిబింబం పాదాలకు 489 పిక్సెల్స్ కింద దాకా ఉంది. పాదాల ప్రతిబింబం 400 దగ్గరే మొదలవుతుంది. మధ్యలోని 89 పిక్సెల్స్, అంటే అయిదు అంగుళాల పైచిలుకు, రాయి మింగేయాలి. పాదాలూ చీలమండలూ పోయి, చీర కుచ్చిళ్ల దగ్గరినుంచే ప్రతిబింబం కనబడాలి. లేయర్ మాస్క్‌తో ఆ ముక్క చెరిపేశాక, తేలుతున్నట్టున్న పిల్ల మెట్టు మీదకి దిగింది.

ప్రతిబింబానికి ఇంకో ఫొటో తీయించండి

ప్రతిబింబం అంటే తలకిందులు చేసిన అదే బొమ్మ కాదు. కెమెరా నీటికి ఎంత పైన ఉందో అంత లోతున, నీటి కింద ఇంకో కెమెరా ఉందనుకోండి. ఆ కెమెరాకు కనబడేదే మనకు నీళ్లలో కనబడుతుంది. పైనున్న కెమెరా చెల్లెలి మొహాన్ని దాదాపు ఎదురుగా, ఎనిమిది డిగ్రీల కిందనుంచి చూస్తోంది. నీటి కిందిది 24 డిగ్రీల కిందనుంచి చూస్తుంది. దానికి గడ్డం అడుగు, ముక్కుపుటాలు, చాచిన చేతి అడుగు భాగం కనబడతాయి. నడినెత్తిన పెట్టిన పూలు తల వెనక్కి పోతాయి. ఎదురుగా తీసిన మొహాన్నే తిప్పి అతికిస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా అది అట్టబొమ్మలా ఉంటుంది.

అందుకే చెల్లెలితో రెండు ఫొటోలు తీయించాను. మొదటిది పెరటి లాన్‌లో మామూలుగా నిలబడి, 20 అడుగుల దూరంనుంచి, ఫోన్ నేలకు రెండడుగుల ఎత్తున పెట్టి తీసింది. కెమెరా నీటికి మూడడుగులు, మెట్టు ఒక అడుగు, కాబట్టి పాదాలకు రెండడుగుల పైన. రెండోది ప్రతిబింబానికి. నీటి కింది కెమెరా పాదాలకు నాలుగడుగుల కింద ఉండాలి. వాళ్లింటి వెనక చెక్క డెక్ సరిగ్గా అంత ఎత్తు. తను డెక్ మెట్ల పైన నిలబడితే, బావగారు కింద లాన్‌లో 20 అడుగుల దూరాన ఫోన్‌ను నేలకు ఆనించి, పైకి వంచకుండా నిటారుగా పట్టుకుని తీశారు. ఇక్కడైతే ట్రాక్టర్ ట్రక్కు మీద నిలబెట్టినా సరిపోయేది. రెండు ఫొటోలూ ఒకే పూట, ఒకే భంగిమలో, సూర్యుడు ఒకే పక్కన ఉండగా తీయాలి. అదీ కోనేటి ఫొటోలో వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో ఆ పక్కే.

రెండో ఫొటోను కత్తిరించి, ఎత్తు మొదటిదానితో సరిచేసి, `Edit > Transform > Flip Vertical` చేసి, పాదాలను 400 పిక్సెల్స్ గీత మీద పెట్టండి. కుడి ఎడమలు మార్చొద్దు. మనిషి ఏ చెయ్యి ఫొటోలో ఎడమ పక్కన ఉందో ప్రతిబింబంలోనూ అది ఎడమ పక్కనే ఉంటుంది.

అన్నిసార్లూ ఇంత శ్రమ అక్కర్లేదు. కెమెరా నీటికి అడుగు ఎత్తులో, మనిషి 30 అడుగుల దూరంలో ఉంటే రెండు కెమెరాల చూపుకు తేడా నాలుగు డిగ్రీలే. అప్పుడు ఒకే ఫొటో తిప్పేసినా ఎవరూ పట్టుకోలేరు. రెండో ఫొటో దొరకదని ముందే తెలిస్తే, నీటికి దగ్గరగా వంగి తీసిన కోనేటి ఫొటోనే ఎంచుకోండి.

రంగును పక్కనున్న ప్రతిబింబం దగ్గర అరువు తెచ్చుకోండి

ఒపాసిటీ 50 శాతం చేసి వదిలేయడం చాలామందికి అలవాటు. అలా చేస్తే చెల్లెలి ఒంట్లోంచి ఆకాశం ప్రతిబింబం కనబడుతుంది. నిజానికి మనిషి అడ్డుగా ఉన్నచోట ఆకాశం వెలుగు నీళ్లలో పడదు, అక్కడ నీటి సొంత రంగు బయటపడుతుంది. కోనేటిలో ముదురు ప్రతిబింబం పడ్డచోటే లోపలి పాచి మెట్లు కనబడటం మీరూ చూసే ఉంటారు.

ఫొటోలోనే ఒక నమూనా ఉంటుంది. నా దాంట్లో సున్నం కొట్టిన మంటపం స్తంభం వెలుగు 225, నీళ్లలో దాని ప్రతిబింబం 118. మంటపం లోపలి చీకటి 25, నీళ్లలో అది 48. అంటే తెలుపు బాగా తగ్గింది, నలుపేమో పెరిగింది. ప్రతిబింబం లేయర్‌కు `Curves` లో ఈ రెండు చుక్కలు పెట్టండి:

```
Input 225 → Output 118
Input  25 → Output  48
```

ఇదే పని `Red`, `Green`, `Blue` ఛానెల్స్‌లో విడివిడిగా చేస్తే పచ్చటి నీటి రంగు దానంతటదే వస్తుంది. నల్ల జుట్టు నీళ్లలో నల్లగా కాక ముదురాకుపచ్చగా కనబడితే సరిగ్గా కుదిరినట్టే.

అయితే ప్రతిబింబం అంతా ఒకే బలంతో ఉండదు. నీటిని ఎంత ఏటవాలుగా చూస్తే అంత ఎక్కువ వెలుగు తిరిగొస్తుంది. ఈ ఫొటోలో పాదాల వైపు సుమారు 30 శాతం వస్తే, కెమెరాకు దగ్గరగా పడే తల వైపు తొమ్మిది శాతమే వస్తుంది. కాబట్టి పైన ఒక ముదురు నీటి రంగు లేయర్ వేసి, `Layer > Create Clipping Mask` తో ప్రతిబింబానికి కట్టి, పాదాల దగ్గర సున్నానుంచి తల దగ్గర 40 శాతం దాకా పెరిగే గ్రేడియంట్ ఇచ్చాను. ఆ 40 కంటితో చూసి పెట్టుకున్నదే. పక్కన మంటపం ప్రతిబింబం ఎలా తగ్గుతోందో చూసి మీ అంకె మీరు మార్చుకోండి.

అలలు

కోనేటి అలలు ప్రతిబింబాన్ని నిలువుగా సాగదీస్తాయి, అడ్డంగా చాలా తక్కువ. నీటి ముక్కను గ్రేస్కేల్ చేసి విడిగా PSDగా దాచుకుని, `Filter > Distort > Displace` లో `Horizontal Scale` 2, `Vertical Scale` 12 ఇచ్చాను. తర్వాత `Motion Blur` ను 90 డిగ్రీల కోణంలో కొద్దిగా వేసి, రాయి దగ్గర తక్కువ, తల వైపు ఎక్కువ ఉండేలా మాస్క్ చేశాను. `Gaussian Blur` ఒక్కటే వేస్తే అది నీళ్లలా ఉండదు, ఆవిరి పట్టిన అద్దంలా ఉంటుంది.

గీతలు గీసి పరీక్షించండి

ముక్కు నుంచి దాని ప్రతిబింబానికి, మోచేతి నుంచి దాని ప్రతిబింబానికి, మంటపం స్తంభం మీది ఒక గుర్తునుంచి దాని ప్రతిబింబానికి గీతలు గీయండి. కెమెరా నిటారుగా ఉండి తీసిన ఫొటోలో అన్నీ నిలువుగా, సమాంతరంగా ఉండాలి. కెమెరాను కిందకి వంచి తీస్తే అన్నీ కింద ఒకేచోట కలిసేలా వాలాలి. మిగతావి ఒకలా వాలి మనిషివి ఇంకోలా ఉంటే అతుకు దొరికిపోయినట్టే. నకిలీ ఫొటోలు పట్టుకునే పద్ధతిగా జేమ్స్ ఓబ్రయన్, హనీ ఫరీద్ 2012లో ప్రచురించింది ఈ లెక్క మీదే నడుస్తుంది. చెల్లెలి ముక్కు గీత నాకు ఆరు పిక్సెల్స్ పక్కకు వాలింది. లేయర్‌ను జరిపాక సరిపోయింది.

అద్దం, గాజు అయితే

గోడ అద్దానికీ లెక్క ఇదే, మడత పక్కకు తిరుగుతుంది అంతే. అద్దం వెనక, కెమెరా ముందు ఎంత దూరంలో ఉందో అంత దూరంలో ఇంకో కెమెరా ఉందనుకుని, అక్కడినుంచి రెండో ఫొటో తీయాలి. తిప్పడానికి `Flip Horizontal` వాడాలి. మామూలు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది కాబట్టి, వేలు ఆనించినా వేలికీ దాని ప్రతిబింబానికీ మధ్య సన్నటి సందు కనబడుతుంది. ఆ సందు వదలకపోతే వేలు అద్దంలో గుచ్చుకున్నట్టుంటుంది. షాపు గాజును ఎదురుగా చూస్తే ఎనిమిది శాతం వెలుగే తిరిగొస్తుంది. లోపల లైట్లు వెలుగుతున్న చోట మనిషిని దాదాపు కనబడకుండా చేసి, లోపల చీకటిగా ఉన్నచోట మాత్రమే తేల్చండి. దీనికి `Screen` బ్లెండ్ మోడ్ సరిపోతుంది. గాజుకున్న రెండు ముఖాలూ వెలుగును తిప్పి పంపుతాయి కాబట్టి, దగ్గరనుంచి ఏటవాలుగా తీసిన ఫొటోలో అదే బొమ్మను ఒకటి రెండు పిక్సెల్స్ జరిపి ఇంకోసారి పల్చగా వేయండి.