షేర్ల స్టేట్‌మెంట్‌లో యావరేజ్, లాభం, డివిడెండ్ సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా చూసుకోవాలి?

మా తిరుపతిలో జులై వచ్చిందంటే ఇదే గోల. ఐటీ రిటర్న్ వేయాలని స్టేట్‌మెంట్ తెస్తారు, అందులో ఎర్రగా లాస్ కనపడితే గాబరా పడతారు గానీ ఒక్కరూ లెక్కేసి చూడరు.

కావాల్సినవి కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లు, డీమ్యాట్ ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్, బ్యాంక్ స్టేట్‌మెంట్. కంపెనీకో పేజీ పెట్టి కొన్నవీ అమ్మినవీ తేదీల వరసలో రాయండి. ఎక్సెల్ అయినా పర్లేదు కానీ నోట్‌బుక్కే మేలు, యాప్ చూపించే నంబర్ కాపీ కొట్టాలనే బుద్ధి పుట్టదు.

ఇప్పుడు అసలు తంటా, యావరేజ్. 100 షేర్లు 200 లెక్కన, తర్వాత 50 షేర్లు 260 లెక్కన కొన్నారనుకోండి, మొత్తం 33,000, యావరేజ్ 220. అందులో 60 అమ్మేశారు. మిగిలిన 90కి కూడా 220 వేసేస్తారు చాలామంది, అక్కడే తప్పు. డీమ్యాట్ షేర్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్ ఫిఫో, అంటే ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్క. కాబట్టి పోయిన 60 ఆ 200 రూపాయలవే, మిగిలింది 200వి 40, 260వి 50, మొత్తం 21,000, యావరేజ్ 233.33. 220 వేస్తే 19,800 వస్తుంది, అంటే ఇంకా అమ్మని షేర్ల మీద లాభం 1,200 ఎక్కువ కనపడుతుంది, ఆ మేరకు అమ్మినవాటి లాభం తగ్గిపోతుంది. మీ స్టేట్‌మెంట్ ఏ పద్ధతిలో వేసిందో అమ్మకం జరిగిన ఒక్క కంపెనీని ఇలా లెక్కేస్తే తెలిసిపోతుంది.

దీని మీద బోనస్, అంటే కంపెనీ ఊరికే ఇచ్చే షేర్లు పడ్డాయా, ఇంకా జాగ్రత్త. ఒకటికి ఒకటి ఇస్తే 90 కాస్తా 180, పెట్టుబడి అదే 21,000, యావరేజ్ 116.67. కానీ ఎక్స్ డేట్, అంటే ఇక అప్పట్నుంచి కొన్నవాళ్లకి బోనస్ రాని రోజు, ఆ రోజే రేటు సగానికి దిగుతుంది, బోనస్ షేర్లేమో అకౌంట్లోకి తర్వాత వస్తాయి. రేటు 150 అనుకుంటే ఆ మధ్యలో 90 షేర్లకే 13,500 చూపించి 7,500 లాస్ అంటుంది! షేర్లు పడ్డాక చూస్తే 27,000, లాభం 6,000. ఆ రెండు మూడు రోజుల్లో భయపడి అమ్ముకోవద్దండి స్వామీ. ఇంకోటి, ఈ 116.67 యావరేజ్ మీరు చూసుకోడానికే, ట్యాక్స్‌కి మాత్రం బోనస్ షేర్ కొన్న ధర సున్నా.

డివిడెండ్ సులువే. రికార్డ్ డేట్, అంటే డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ లిస్టు తీసే రోజు, ఆ నాటికి ఎన్ని షేర్లున్నాయో దాంతో గుణించాలి, డబ్బు పడిన రోజున్న షేర్లతో కాదు. 200 శాతం అన్నారంటే అది మార్కెట్ రేటు మీద కాదు, షేరుకి కంపెనీ పెట్టిన ముఖ విలువ, అదే ఫేస్ వాల్యూ మీద, ఫేస్ వాల్యూ 2 అయితే షేరుకి 4 రూపాయలే. బ్యాంకులో తక్కువ పడితే టీడీఎస్ కోశారేమో చూడండి, 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఏడాదిలో 10,000 దాటి ఇస్తే పది శాతం కోస్తుంది. కోసినా రిటర్న్‌లో చూపాల్సింది కోతకి ముందు మొత్తమే, దాన్ని ఐటీ పోర్టల్‌లో మీ ఆదాయాల వివరాలు చూపించే ఏఐఎస్‌తో పోల్చుకోండి.