బరంపురం నుంచి పలాసకి స్లీపర్ టికెట్: డబ్బు ఎక్కడికి పోతోంది?

బరంపురం, ఛత్రపురం వైపు మనవాళ్ళు పలాస వెళ్ళడానికి కూడా స్లీపర్ బుక్ చేస్తుంటారు. ఈసారి కట్టేముందు ఛార్జీల వివరాలు తెరిచి చూడండి.

మొదటి లైను బేస్ ఫేర్. స్లీపర్‌లో కనీసం 200 కిలోమీటర్లకి లెక్క వేస్తారు. పలాస వంద కిలోమీటర్లు కూడా లేదు, అయినా 200కే కట్టాలి. థర్డ్ ఏసీ అయితే కనీసం 300.

దాని కింద రిజర్వేషన్ 20 రూపాయలు, సూపర్‌ఫాస్ట్ సర్‌చార్జి 30. ఈ రెండూ దూరాన్ని బట్టి మారవు. పలాసకైనా చెన్నైకైనా అదే 50. రైలు నంబరు 12, 20 లేదా 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్ అన్నట్టే. వేళ కుదిరితే మామూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, ఆ 30 మిగులుతుంది. పలాస దాకా కూర్చుని పోవడానికి సెకండ్ సిట్టింగ్ ఉన్న రైలు దొరికితే ఇంకా నయం.

స్లీపర్‌కి జీఎస్టీ లేదు. ఏసీకి మాత్రం బేస్ ఫేర్, రిజర్వేషన్, సర్‌చార్జి కలిపిన మొత్తం మీద 5 శాతం పడుతుంది. క్యాటరింగ్ లైను చాలా రైళ్ళలో సున్నాయే. వందేభారత్‌లో మాత్రం బుక్ చేసేటప్పుడే భోజనం వద్దని ఎంచుకోవచ్చు, పులిహోర కట్టుకెళ్ళేవాళ్ళకి అది చాలు.