అలర్ట్ వచ్చింది, వీడియో లేదు: పాత ఫోన్ కెమెరా సమస్య - పరిష్కారం

సమస్య: రెండు రోజుల కిందటి అలర్ట్ నొక్కితే వీడియో తెరుచుకోదు. పాత ఫోన్‌లో యాప్ పెట్టి ఇంటి కాపలా కెమెరాగా వాడుకుంటున్నవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. సెట్టింగులు మార్చే ముందు రికార్డింగుల జాబితాలో అన్నిటికన్నా పాత క్లిప్ ఏ రోజుదో చూడండి. అది నిన్నటిదే అయితే స్టోరేజీ చాలక పాతవి చెరిగిపోతున్నాయి. పాతవి ఉండి మధ్యలో కొన్ని గంటలు ఖాళీగా ఉంటే యాప్ ఆగిపోయింది.

కారణం, స్టోరేజీ అయితే: చాలా యాప్‌లు స్థలం నిండగానే పాత క్లిప్‌పైనే కొత్తది రాసేస్తాయి. ఫోన్‌లో 18 జీబీ ఖాళీ ఉందనుకుందాం. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు సుమారు 0.9 జీబీ పడుతుంది. ఆగకుండా రికార్డయితే 20 గంటల్లో నిండిపోతుంది. మీరు కదలిక ఉన్నప్పుడే రికార్డవ్వాలని పెట్టినా, ఎదురుగా కర్టెన్ ఊగుతుంటే రోజంతా రికార్డయినట్టే.

పరిష్కారం: ముందు అనవసరపు అలర్ట్‌లను తగ్గించాలి. ఒక రోజు క్లిప్‌లు వరసగా తెరిచి, వాటిలో ఏది కదిలిందో చూడండి. ఫ్యానూ కర్టెనూ అయితే, యాప్ కదలిక కోసం చూసే డిటెక్షన్ జోన్‌లోంచి వాటిని తప్పించి, తలుపు వరకే గీయండి. రాత్రి క్లిప్‌ల్లో ఏమీ కదలకుండా బొమ్మంతా చుక్కలు చుక్కలుగా మినుకుతుంటే, వెలుతురు చాలక వచ్చే నాయిస్‌నే యాప్ కదలిక అనుకుంటోంది. అక్కడ సెన్సిటివిటీ తగ్గించడం కన్నా చిన్న బల్బు వెలిగించి ఉంచడమే మేలు. సెన్సిటివిటీ తగ్గిస్తే నిజంగా మనిషి వచ్చినా తప్పిపోవచ్చు.

ఆ తర్వాత వీడియో నాణ్యతను 720పీకి దింపి, బిట్‌రేటు సెకనుకు 1 మెగాబిట్ పెట్టండి. రోజుకు నాలుగు గంటల కదలిక రికార్డయినా 1.8 జీబీయే, అంటే అదే 18 జీబీ పది రోజులు వస్తుంది. తలుపు దగ్గరి మనిషిని గుర్తుపట్టడానికి ఇంట్లో ఆ నాణ్యత సరిపోతుంది. ముఖ్యమైన క్లిప్‌ను మాత్రం ఆ రోజే వేరే చోటికి కాపీ చేసుకోవాలి.

మధ్యలో ఖాళీ ఉంటే: బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడే యాప్‌ను ఆపేసి ఉండొచ్చు. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగులో `Unrestricted` ఎంచుకోండి. ఫోన్ రీస్టార్టయినా రికార్డింగ్ ఇలాగే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి, మీరు తెరవకుండా వెనకాల దానంతటదే మొదలైన యాప్‌కు మామూలుగా కెమెరా అందదు. కాబట్టి కరెంటు పోయి ఫోన్ ఆగి మళ్లీ వెలిగితే, యాప్‌ను మీరే ఒకసారి తెరవాలి. ఊరెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఫోన్ వేడెక్కి ఆగుతుంటే: కవర్ తీసి, ఎండ తగలని చోట పెట్టండి. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండే ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. వెనక మూత పైకి లేచినా, స్క్రీన్ అంచు విడినా వెంటనే చార్జర్ తీసేయండి. ఆ ఫోన్‌ను నొక్కి సరిచేయకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి.