ఫ్లూ టీకా: పోయినేటిది ఈ ఏటికి ఎందుకు పనికిరాదు

ఫ్లూ సీజన్‌కు ముందు టీకా వేయించుకోబోతుంటే, సూది గుచ్చకముందే ఒకసారి ఆ డబ్బా చూపించమని అడగండి. అది ఏ సీజన్ కోసం తయారైందో డబ్బా మీద రాసి ఉంటుంది. ఉత్తరార్ధగోళం ఫార్ములానా, దక్షిణార్ధగోళం ఫార్ములానా అన్నదీ ఉంటుంది. లోపలి కాగితంలో ఏ/టెక్సాస్/50/2012 వంటి పేర్లు కనిపిస్తాయి. ఏ రకం వైరస్, ఎక్కడ దొరికింది, అక్కడి ల్యాబ్ ఇచ్చిన నంబరు ఎంత, ఏ సంవత్సరంలో దొరికింది అన్న నాలుగు విషయాలూ ఆ వరుసలోనే ఉంటాయి. డబ్బా మీద పాత సీజన్ పేరుంటే ఆ టీకా వద్దని చెప్పండి. ఎందుకు వద్దో తెలియాలంటే ఆ పేర్లను ఎవరు, ఎప్పుడు, ఎలా ఎంచుకుంటారో చూడాలి.

ఫ్లూ వైరస్ పైపొర మీద హీమగ్లూటినిన్ అనే ప్రొటీన్ ముళ్లలా నిలబడి ఉంటుంది. వైరస్ దీనితోనే మన కణాలకు అతుక్కుంటుంది. టీకా వల్ల తయారయ్యే యాంటీబాడీలు ముఖ్యంగా ఈ ప్రొటీన్‌నే పట్టుకుని, వైరస్‌ను అతుక్కోనివ్వకుండా ఆపుతాయి. అయితే వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసేటప్పుడు దొర్లే తప్పుల్ని సరిదిద్దుకోలేదు. ఆ తప్పుల్లో కొన్ని సరిగ్గా యాంటీబాడీ పట్టుకునే చోటే పడతాయి. అలా మారిన వైరస్‌కు పాత రోగనిరోధకత అంతగా అడ్డు రాదు కాబట్టి అది ఎక్కువగా వ్యాపిస్తుంది. మనుషుల్లో తిరిగే ఫ్లూ వైరస్‌లన్నింటిలో హెచ్3ఎన్2 ఈ విషయంలో బాగా వేగంగా మారుతుంది.

ఒక్కోసారి రెండేళ్లపాటు టీకాలోని పేర్లు మారకపోవచ్చు. అప్పుడు కూడా కొత్తగా వేయించుకోవాల్సిందే, ఎందుకంటే టీకా ఇచ్చే రక్షణ కొన్ని నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది.

ఇక ఎంపిక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 1952 నుంచి ఒక నిఘా వ్యవస్థ నడుస్తోంది. వందకు పైగా దేశాల్లోని ల్యాబ్‌లు రోగుల ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనాలను పరీక్షించి, వాటిలో కొన్నింటిని అట్లాంటా, లండన్, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్‌లలోని పెద్ద కేంద్రాలకు పంపుతాయి. అక్కడ జన్యుక్రమం చదువుతారు, దాంతోపాటు ఫెర్రెట్‌ల సీరంతో పరీక్ష చేస్తారు. ఫెర్రెట్ ముంగిసను పోలిన చిన్న జంతువు. దానికి టీకాలో ఉన్న వైరస్‌ను ఎక్కించి, తర్వాత దాని రక్తం నుంచి యాంటీబాడీలుండే ద్రవం, అంటే సీరం తీస్తారు. ఆ సీరాన్ని ప్రతిసారీ రెట్టింపు పలుచన చేస్తూ, ఎంతవరకు అది కొత్త వైరస్‌ను అడ్డుకోగలుగుతుందో చూస్తారు. పాత వైరస్‌ను ఆపడానికి సరిపోయిన దానికంటే ఎనిమిది రెట్లు చిక్కటి సీరం కావాల్సి వస్తే, ఇది పాత టీకాకు అందకుండా మారిపోయిందని లెక్క. టీకా వేయించుకున్న మనుషుల రక్తంతోనూ ఇలాగే సరిచూస్తారు.

ఉత్తరార్ధగోళం టీకాకు ఈ నిర్ణయం ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో జరుగుతుంది. అంత ముందుగా తేల్చేయడానికి కారణం తయారీ. ఇప్పటికీ చాలా ఫ్లూ టీకాలను పిండం పెరుగుతున్న కోడిగుడ్లలోనే తయారు చేస్తారు. గుడ్డులో బాగా పెరిగే వైరస్‌ను సిద్ధం చేసి, కోట్ల డోసులు తీసి, పరీక్షించి పంపడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. కాబట్టి నిపుణులు ఊహించాల్సింది ఫిబ్రవరిలో ఎక్కువగా కనిపిస్తున్న వైరస్‌ను కాదు. వైరస్‌లో ఏ శాఖ ఎన్ని దేశాల్లో, ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, వచ్చే చలికాలానికి ఏది పైచేయి సాధిస్తుందో చెప్పాలి. ఆ వైరస్ గుడ్డులో పెరగకపోతే, సరిగ్గా ఊహించినా ఉపయోగం ఉండదు.

ఇది ఎక్కడ తప్పుతుందో 2014లో అమెరికాలో స్పష్టంగా కనబడింది. ఒకే టీకాలో వేర్వేరు ఫ్లూ వైరస్‌లకు వేర్వేరు భాగాలుంటాయి. ఆ ఫిబ్రవరిలో వాటిలో హెచ్3ఎన్2 భాగానికి ఏ/టెక్సాస్/50/2012ను ఎంచుకున్నారు. అప్పటిదాకా దొరికిన నమూనాల్లో ఎక్కువ శాతం దానికి దగ్గరగానే ఉన్నాయి కాబట్టి ఆ నిర్ణయం అసమంజసమైనదేం కాదు. కానీ మార్చి చివర్లో, ఉత్పత్తి మొదలయ్యాక, మారిన హెచ్3ఎన్2 వైరస్‌లు కొద్దిగా కనబడ్డాయి. సెప్టెంబరుకల్లా అవి బాగా పెరిగిపోయాయి. ఆ నెల జరిగిన సమావేశంలో దక్షిణార్ధగోళం టీకాకు ఏ/స్విట్జర్లాండ్/9715293/2013ను సూచించారు. ఉత్తరార్ధగోళం టీకాలు మాత్రం అప్పటికే ఆసుపత్రులకు చేరిపోయాయి. వాటిని మార్చే వీలు లేదు.

డిసెంబరు మొదట్లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ డాక్టర్లకు ఒక హెచ్చరిక పంపింది: పరీక్షించిన హెచ్3ఎన్2 వైరస్‌లలో సగానికి పైగా టీకాకు భిన్నంగా ఉన్నాయి, వృద్ధులకూ ప్రమాదం ఎక్కువున్నవారికీ యాంటీవైరల్ మందులు ఆలస్యం చేయకుండా ఇవ్వండి. ఆ సీజన్ ముగిశాక లెక్క చూస్తే టీకా మొత్తం మీద 19 శాతమే పనిచేసింది. సరిపోలిన ఏడాదుల్లో ఇది 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. అయితే అదే టీకా బి రకం ఫ్లూ మీద చాలా మెరుగ్గా పనిచేసిందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక భాగం గురి తప్పితే మిగతా భాగాలు కూడా పోయినట్టు కాదు. "ఈసారి టీకా కలవలేదట, దండగ" అని వదిలేయడం అందుకే ప్రమాదం.

మరి మన వైపు నుంచి తీసుకోవాల్సిన జాగ్రత్తలేంటి? టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కాబట్టి కేసులు పెరిగేదాకా ఆగొద్దు. ఏడాదంతా అక్కడక్కడా ఫ్లూ ఉండే వేడి ప్రాంతాల్లో ఏ గోళం ఫార్ములా వాడాలన్నది మీ దగ్గర ఫ్లూ ఎప్పుడు పెరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అప్పటికి అందుబాటులో ఉన్నవాటిలో కొత్తదాని గురించి డాక్టర్‌ని అడగండి. ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఆ లెక్కన ఇంకా ముందే మొదలుపెట్టాలి.

చాలామంది పొరపాటు చేసేది టీకా తర్వాత. ఒంటినొప్పులతో హఠాత్తుగా జ్వరం వస్తే "టీకా వేయించుకున్నాం కదా, ఇది ఫ్లూ అయ్యుండదు" అనుకుంటారు. టీకా సరిపోలని ఏడాదిలో ఈ మాటే కొంప ముంచుతుంది. అరవై అయిదు దాటినవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు లక్షణాలు మొదలైన రోజే డాక్టర్‌కు చెప్పాలి. ఒసెల్టామివిర్ లాంటి యాంటీవైరల్ మందు 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. దాన్ని సొంతంగా కొని వేసుకోకండి. అక్కడికక్కడే చేసే ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులో నెగటివ్ వచ్చినా ఫ్లూ లేదని తేల్చుకోవద్దు, ఆ టెస్టు చాలా కేసుల్ని పట్టుకోలేదు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి మాటల్లో తికమక కనిపించినా, తగ్గిన జ్వరం మళ్లీ దగ్గుతో తిరగబెట్టినా 48 గంటల లెక్క చూసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఆసుపత్రిలో చేర్చాల్సిన స్థితిలో ఉన్నవారికి ఆ గడువు దాటాక కూడా మందు ఇస్తారు.