రన్నింగ్ పేస్‌ని గంట వేగంలోకి, గంట వేగాన్ని పేస్‌లోకి మార్చడం ఎలా?

రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు వాచీ పేస్ 6:30 అని చూపిస్తుంది, అంటే కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు. వాన పడి జిమ్‌కి వెళ్తే ట్రెడ్‌మిల్ మాత్రం గంటకి ఎన్ని కిలోమీటర్లో పెట్టమంటుంది. చాలామంది ఇక్కడ 60ని 6.30తో భాగించి, 9.5 వచ్చిందని అదే పెట్టేస్తారు. అది తప్పు. 6:30లో ఆ 30 సెకన్లు, నిమిషానికి 60 సెకన్లు కాబట్టి అది అర నిమిషం, అంటే 6.5 అవ్వాలి కానీ 6.3 కాదు.

అందుకే ముందు మొత్తాన్ని సెకన్లలోకి మార్చేయండి. ఆరు అరవైలు 360, దానికి 30 కలిపితే 390. గంటకి 3600 సెకన్లు కాబట్టి:

```
3600 ÷ 390 = 9.23
```

ట్రెడ్‌మిల్ మీద 9.2 పెట్టండి, సరిపోతుంది. పొరపాటున 9.5 పెడితే కిలోమీటరుకి దాదాపు 11 సెకన్లు ఎక్కువ జోరుగా పరిగెత్తుతున్నట్టు. మొదటి కిలోమీటరులో తెలియకపోవచ్చు కానీ తేలిగ్గా పరిగెత్తాల్సిన రోజున చివరికి ఆయాసం వచ్చేది ఇలాంటి తేడా వల్లే.

వెనక్కి మార్చడానికీ అదే 3600. ట్రెడ్‌మిల్ 9.5 చూపిస్తుంటే 3600ని 9.5తో భాగించండి, 379 సెకన్లు వస్తుంది. అందులోంచి ఆరు నిమిషాలకి 360 తీసేస్తే 19 మిగిలింది, కాబట్టి పేస్ 6:19. ఫోన్‌లో 60 ÷ 9.5 కొడితే 6.31 అని కనిపిస్తుంది, దాన్ని ఆరు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు అని చదవకండి. చుక్క తర్వాత ఉన్నదాన్ని మళ్ళీ 60తో గుణిస్తేనే సెకన్లు వస్తాయి.

లెక్క సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడానికి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: గంటకి 10 కిలోమీటర్లంటే పేస్ సరిగ్గా 6:00. పేస్ 6:00 కంటే ఎక్కువుంటే వేగం 10 కంటే తక్కువ రావాలి, అలా రాలేదంటే ఎక్కడో తప్పు నొక్కారన్నమాట.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ట్రెడ్‌మిల్ మీద ఒక్క అంకె పెంచితే పేస్ ప్రతిసారీ ఒకేలా మారదు. 8 నుంచి 9కి వెళ్తే 7:30 కాస్తా 6:40 అవుతుంది, అంటే 50 సెకన్ల తేడా. అదే 12 నుంచి 13కి వెళ్తే 5:00 నుంచి 4:37కి, 23 సెకన్లే. కాబట్టి నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళు పేస్ కొద్దిగా మార్చాలనుకుంటే 0.1 చొప్పునే పెంచుకోవాలి, 8 దగ్గర ఆ 0.1 కూడా కిలోమీటరుకి 5 సెకన్లకి పైనే.