సొంత దేశం మీద టర్మ్ పేపర్: టాపిక్ ఓకే అన్నారు, డ్రాఫ్ట్ మాత్రం వెనక్కొచ్చింది

సమస్య: టాపిక్ చెప్పినప్పుడు ప్రొఫెసర్ బావుంది అన్నారు, డ్రాఫ్ట్ ఇచ్చాక మాత్రం పక్కన "ఇందులో నీ వాదన ఏది?" అని రాసి పంపారు.

ముందు అసైన్‌మెంట్ షీట్ తీయండి. వివరించమన్నారా, విశ్లేషించమన్నారా, వాదించమన్నారా? ఈ ఒక్క మాట చూడకుండా వారం రోజులు ఇంగ్లీషు దిద్దుకునేవాళ్లని చూసీ చూసీ విసుగొచ్చింది.

అది సరిగ్గానే ఉంటే అసలు దొంగ వేరే ఉంది: దేశమే టాపిక్ అయిపోయింది. నేనూ మొదటి సెమిస్టర్‌లో ఇందులోనే పడ్డా. తెలిసిందంతా తప్పుల్లేకుండా రాస్తే మార్కులొచ్చే పద్ధతిలో చదువుకుని వచ్చినవాళ్లకి ఇది తప్పని అనిపించదు కూడా, పైగా మనకి బాగా తెలిసిన విషయం కాబట్టి పేజీలు వాటంతటవే నిండుతాయి, అందుకే చివరిదాకా దొరకదు. పట్టుకోడానికి ఒక దారుంది, మీ ముఖ్య వాక్యాన్ని తిరగేసి చూడండి. తిరగేసిన మాటని అనేవాడు ఎవడూ లేకపోతే అది వాదన కాదు.

కెన్యా నుంచి వచ్చి డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ కోర్స్ చేస్తున్న ఒకబ్బాయి సంగతి తీసుకుందాం. అతని టాపిక్ "ఎం-పెసా కెన్యాని మార్చింది", అదే 2007లో మొదలైన, ఫోన్ మీదే డబ్బు పంపుకునే మొబైల్ మనీ. కాదనేవాడెవడు? ఇప్పుడు కోర్స్‌లోంచి ఒక ఐడియా పట్టుకోవాలి, ఉదాహరణకి కష్టమొచ్చినప్పుడు చుట్టాలు ఒకరికొకరు డబ్బు పంపుకోవడం ఇన్సూరెన్స్‌లా పనిచేస్తుందనేది. 2014లో వచ్చిన ఒక స్టడీలో, రాబడికి దెబ్బ తగిలినప్పుడు ఎం-పెసా వాడని ఇళ్లలో ఇంటి ఖర్చు 7 శాతం పడిపోతే, వాడేవాళ్లలో తగ్గలేదని తేలింది. దాన్నే మళ్లీ చెప్తే టర్మ్ పేపర్ అవ్వదు. అతనికి ఇంటి దగ్గర తెలిసిందేంటంటే డబ్బు ఊరికే రాదు, సిటీలో పంపేవాళ్లు ఉండాలి. అందుకని ప్రశ్న ఇలా మారుతుంది: బయట ఎవరూ లేని ఇళ్లకి కూడా ఈ ఇన్సూరెన్స్ దొరుకుతుందా? అవుననీ అనొచ్చు, కాదనీ అనొచ్చు, జనం బ్యాంకులు, మొబైల్ మనీ ఎలా వాడుతున్నారో అడిగే కెన్యా ఫిన్‌యాక్సెస్ సర్వేల్లో వెతకడానికి డేటా కూడా ఉంది. ఇంటి జ్ఞానం పని ఎక్కడ వెతకాలో చూపించడం వరకే, "మా దగ్గర అందరికీ తెలుసు" అనేదాన్ని రుజువుగా పెడితే ఎవరూ ఒప్పుకోరు. అలాంటి ప్రతి వాక్యానికీ ఒక సోర్స్ దొరకాలి, దొరక్కపోతే కొట్టేయండి.

టాపిక్ మార్చేశాక ప్రొఫెసర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ప్రశ్న ఒక లైను, ఏ డేటా చూస్తారో ఒక లైను. కెన్యా గురించి పాఠం చెప్పక్కర్లేదు, కావాలంటే వాళ్లే అడుగుతారు.

మిగతా కారణాలు అరుదు. ప్రొఫెసర్‌కి వేరే దేశాల టాపిక్‌లు పడవు అనేది నేను పెద్దగా చూడలేదు. సొంత భాషలో ఉన్న సోర్సులు వాడొచ్చా లేదా అన్నది అదే మెయిల్‌లో అడిగేస్తే తేలిపోతుంది.